ఒకే నీరు, రెండు రీడింగులు

భీమవరం వైపు ఒక చేపల చెరువు ఉందనుకుందాం. రైతు తెల్లవారుజామున ఒక సీసా, సాయంత్రం నాలుగు గంటలకు మరో సీసా నీళ్లు పట్టి ఆక్వా ల్యాబుకు పంపాడు. రెండు రిపోర్టులు వచ్చాయి. ఉదయం నీటిలో కార్బొనేట్లు సున్నా, బైకార్బొనేట్లు 160, మొత్తం ఆల్కలినిటీ 160. సాయంత్రం నీటిలో కార్బొనేట్లు 32, బైకార్బొనేట్లు 128, మొత్తం మళ్లీ అదే 160.

"ఏవండీ, పొద్దున లేని కార్బొనేట్లు సాయంత్రానికి ఎక్కడి నుంచి వచ్చాయి? మేం చెరువులో ఏమీ వెయ్యలేదే!" అని రైతు అడగడం సహజం. ఎక్కడో లెక్క తప్పిందని కూడా అనిపిస్తుంది. కానీ రెండు రిపోర్టులూ నిజమే కావచ్చు. పైగా ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పగలంతా చెరువులో ఏం జరిగిందో తెలుస్తుంది. ఒక్క 'మొత్తం ఆల్కలినిటీ' అంకె ఆ సంగతి చెప్పలేదు. అందుకే ల్యాబులో ఒకే నీటిలోకి ఆమ్లం పోస్తూ రెండు చోట్ల ఆగి రెండు రీడింగులు రాసుకుంటారు. ఆ రెండు చోట్లా ఎందుకు ఆగుతారు, ఆ అంకెల్లోంచి కార్బొనేటునూ బైకార్బొనేటునూ ఎలా విడదీస్తారు, ఎక్కడ పొరపాటు జరుగుతుంది అన్నదే ఈ వ్యాసం.

ఆల్కలినిటీ వేరు, పీహెచ్ వేరు

నీటి పీహెచ్ ఆ క్షణంలో ఆ నీరు ఎంత ఆమ్లంగా, ఎంత క్షారంగా ఉందో చెబుతుంది. ఆల్కలినిటీ చెప్పేది మరో సంగతి: ఆ నీటిలోకి ఆమ్లం వచ్చి పడితే ఎంతవరకు తట్టుకోగలదు అన్నది. అచ్చంగా ఒకే పీహెచ్ ఉన్న రెండు చెరువుల్లో ఒకటి కొద్దిపాటి ఆమ్లానికే పీహెచ్ పడిపోయి కుదేలవవచ్చు, మరొకటి దానికి నాలుగింతలు పోసినా నిలదొక్కుకోవచ్చు. ఆ తేడాకు కారణం నీటిలో కరిగి ఉన్న క్షార పదార్థాల నిల్వ.

మన బోర్లలో, కాలువల్లో, చెరువుల్లో ఆ నిల్వ దాదాపు అంతా రెండు రూపాల్లోనే ఉంటుంది: బైకార్బొనేట్, కార్బొనేట్. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే కార్బన్ డయాక్సైడును కలుపుకుంటుంది. ఆ నీరు సున్నపు పదార్థాలనూ రాతిలోని ఖనిజాలనూ మెల్లగా కరిగించి బైకార్బొనేట్లను వెంట తెచ్చుకుంటుంది. అందుకే అప్పుడే తోడిన బోరు నీటిలో సాధారణంగా బైకార్బొనేటే కనిపిస్తుంది, కార్బొనేట్ కనిపించదు. మూడో రూపం హైడ్రాక్సైడ్. అది సహజమైన నీటిలో చాలా అరుదు. ఎక్కడ కనిపిస్తుందో తరువాత చూద్దాం.

మెట్లు దిగడం

ఈ పరీక్ష గుట్టంతా ఒక్క విషయంలో ఉంది. కార్బొనేట్ ఆమ్లాన్ని ఒకేసారి తీసుకోదు, రెండు విడతలుగా తీసుకుంటుంది. దీన్ని మెట్ల మీద ఊహించుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. కార్బొనేట్ రెండో మెట్టు మీద ఉంది. బైకార్బొనేట్ మొదటి మెట్టు మీద ఉంది. నేల మీద ఉన్నది కార్బొనిక్ ఆమ్లం, అంటే నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్. ఆమ్లంలోని ఒక్కొక్క హైడ్రోజన్ అయాను ఒక్కొక్క మెట్టు దింపుతుంది.

CO₃²⁻ + H⁺ → HCO₃⁻

HCO₃⁻ + H⁺ → CO₂ + H₂O

నీటిలోకి ఆమ్లం పోస్తూ ఉంటే ముందుగా రెండో మెట్టు మీద ఉన్న కార్బొనేట్లన్నీ మొదటి మెట్టుకు దిగుతాయి. ఆ పని ముగిసేసరికి నీటి పీహెచ్ సుమారు 8.3 ఉంటుంది. ఇంకా పోస్తే ఇప్పుడు మొదటి మెట్టు మీద ఉన్నవన్నీ, మొదటి నుంచీ అక్కడ ఉన్న బైకార్బొనేట్లతో పాటు ఇప్పుడే పైనుంచి దిగిన కొత్త బైకార్బొనేట్లూ, కలిసి నేలకు దిగుతాయి. అది ముగిసేసరికి పీహెచ్ సుమారు 4.5కి వస్తుంది. ఈ రెండు చోట్లే మనం ఆగవలసిన చోట్లు. రసాయన శాస్త్రంలో వీటిని అంత్యబిందువులంటారు, ల్యాబులో ఎండ్ పాయింట్లంటారు.

ఆ చోట్లను కంటికి చూపించేవి రెండు రంగు సూచికలు. ఫినాఫ్తలీన్ 8.3కి పైన గులాబీ రంగులో ఉండి, అక్కడికి వచ్చేసరికి రంగు కోల్పోతుంది. మిథైల్ ఆరెంజ్ పసుపు రంగులో ఉండి, 4.5 దగ్గరకు వచ్చేసరికి నారింజకు తిరుగుతుంది. ఫినాఫ్తలీనును జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1871లో తయారు చేశాడు. పీహెచ్ అనే కొలమానాన్ని డెన్మార్కుకు చెందిన సోరెన్‌సెన్ ప్రతిపాదించింది 1909లో. అంటే పీహెచ్ అనే మాట పుట్టకముందే ఈ రంగు చేతికి వచ్చింది.

బల్ల మీద జరిగే పని

పరికరాలు ఎక్కువేమీ లేవు: ఒక బ్యూరెట్, ఒక పిప్పెట్, ఒక కోనికల్ ఫ్లాస్కు, దాని కింద పెట్టడానికి ఒక తెల్ల పలక. బ్యూరెట్‌లో 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం నింపుతారు. ఈ గాఢతనే ఎంచుకోవడానికి కారణం లెక్క సులువు కావడమే. ఈ ఆమ్లం ఒక మిల్లీలీటరు సరిగ్గా ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేటుకు సమానం. 50 మిల్లీలీటర్ల నీరు తీసుకుంటే, బ్యూరెట్‌లో ఖర్చయిన మిల్లీలీటర్లను 20తో గుణిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో వచ్చేస్తుంది.

మన సాయంత్రపు సీసాతో పని మొదలుపెడదాం. పిప్పెట్‌తో 50 మిల్లీలీటర్లు ఫ్లాస్కులోకి తీసుకుని రెండు మూడు చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తే నీరు గులాబీ రంగుకు తిరిగింది. అంటే పీహెచ్ 8.3కి పైనే ఉంది, కార్బొనేట్ ఉంది. ఫ్లాస్కును మెల్లగా తిప్పుతూ బ్యూరెట్ నుంచి ఆమ్లాన్ని చుక్క చుక్కగా వదులుతారు. గులాబీ రంగు పలచబడుతూ వచ్చి చివరకు పోయింది. బ్యూరెట్ చూస్తే 0.8 మిల్లీలీటర్లు. ఇది మొదటి రీడింగు. ల్యాబువాళ్లు దీన్ని పి రీడింగు అంటారు.

బ్యూరెట్‌ను మళ్లీ నింపకుండా, ఫ్లాస్కు మార్చకుండా అదే నీటిలో ఇప్పుడు రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్ వేస్తారు. నీరు పసుపు రంగులోకి వస్తుంది. మళ్లీ ఆమ్లం వదలాలి. ఈసారి చాలాసేపు ఏ మార్పూ ఉండదు. తరువాత చుక్క పడిన చోట నారింజ రంగు మెరిసి పోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి ఒక్కొక్క చుక్కే వెయ్యాలి. నీరంతా పసుపు వదిలి నారింజ ఛాయకు తిరిగిన క్షణంలో ఆపితే బ్యూరెట్ 8.0 మిల్లీలీటర్లు చూపించింది. మొదటి నుంచి ఇక్కడిదాకా ఖర్చయిన మొత్తం ఇది. దీన్ని టి రీడింగు అంటారు.

ఉదయపు సీసాలో నీటికి ఫినాఫ్తలీన్ వేసినప్పుడు రంగే రాలేదు. అందుకే పి సున్నా. నేరుగా మిథైల్ ఆరెంజ్ వేసి పోస్తే అక్కడ కూడా 8.0 మిల్లీలీటర్లే పట్టింది.

రెండు అంకెల్లోంచి మూడో సంగతి

ఇప్పుడు మెట్ల లెక్క వేద్దాం. సాయంత్రపు నీటిలో 0.8 మిల్లీలీటర్ల ఆమ్లం కార్బొనేట్లను రెండో మెట్టు నుంచి మొదటి మెట్టుకు దింపింది. అవి అక్కడి నుంచి నేలకు దిగడానికి మరో 0.8 పట్టి ఉండాలి. అంటే కార్బొనేట్ల కోసం ఖర్చయిన ఆమ్లం మొత్తం 1.6 మిల్లీలీటర్లు. పి రీడింగును రెట్టింపు చెయ్యడం ఇందుకే.

మొత్తం 8.0లోంచి ఈ 1.6 తీసేస్తే మిగిలిన 6.4 మిల్లీలీటర్లు మొదటి నుంచీ నీటిలో ఉన్న బైకార్బొనేట్ల వాటా. 20తో గుణిస్తే కార్బొనేట్ 32, బైకార్బొనేట్ 128, మొత్తం 160. రైతు చేతికి వచ్చిన రిపోర్టు ఇదే.

ఈ లెక్క చెల్లేది పి రీడింగు టి రీడింగులో సగం కంటే తక్కువ ఉన్నప్పుడు. సహజమైన నీళ్లు దాదాపు అన్నీ ఈ కోవకే వస్తాయి. పి సున్నా అయితే ఉన్నదంతా బైకార్బొనేటే. పి సరిగ్గా టిలో సగం అయితే ఉన్నదంతా కార్బొనేటే. ఆమ్లం గాఢత, చేతివాటం రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఈ చివరి సంగతి మంచి పరీక్ష కూడా. బాగా ఆరబెట్టి చల్లార్చిన స్వచ్ఛమైన సోడియం కార్బొనేటును 1.06 గ్రాములు తూచి లీటరు డిస్టిల్డ్ నీటిలో కరిగిస్తే అది 0.02 నార్మల్ ద్రావణమవుతుంది. దానిలో 25 మిల్లీలీటర్లు తీసుకుని ఇదే పరీక్ష చేస్తే గులాబీ రంగు 12.5 దగ్గర పోవాలి, నారింజ 25 దగ్గర రావాలి. నారింజ 25కి బాగా దూరంగా వస్తే ఆమ్లం గాఢత తేడాగా ఉంది. నారింజ సరిగ్గా వచ్చి గులాబీ తేడాగా పోతే ఆమ్లం బాగానే ఉంది, మొదటి ఎండ్ పాయింటు దగ్గర చెయ్యి తొందరపడుతోంది.

పి రీడింగు టిలో సగం దాటితే అక్కడ హైడ్రాక్సైడ్ ఉన్నట్టు. కొత్తగా కట్టిన సిమెంటు తొట్టిలో నింపిన నీరు దీనికి మంచి ఉదాహరణ. సిమెంటులోంచి సున్నం నీటిలోకి ఊరుతూ ఉంటుంది. అలాంటి నీటిలో 50 మిల్లీలీటర్లకు గులాబీ 3.0 దగ్గర పోయి, నారింజ 4.5 దగ్గర వచ్చిందనుకుందాం. రెండో విడతలో పట్టింది 1.5 మాత్రమే. అది కార్బొనేటు కింది మెట్టు దిగడానికి పట్టింది. కాబట్టి మొదటి విడతలోని 3.0లో కార్బొనేట్ వాటా కూడా 1.5. మిగతా 1.5 హైడ్రాక్సైడుది. అంటే కార్బొనేట్ 60, హైడ్రాక్సైడ్ 30, బైకార్బొనేట్ ఏమీ లేదు. హైడ్రాక్సైడూ బైకార్బొనేటూ చెప్పుకోదగ్గ మోతాదుల్లో ఒకే నీటిలో కలిసి ఉండలేవు. కలిస్తే కార్బొనేటుగా మారిపోతాయి. ఒక రిపోర్టులో ఈ రెండూ ఉన్నాయని రాసి ఉంటే ఆ లెక్కను మళ్లీ చూడమని అడగవలసిందే.

పగలంతా చెరువులో ఏం జరిగింది

ఇప్పుడు రైతు ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. ఎండ ఎక్కగానే చెరువులోని ఆకుపచ్చని ప్లవకాలు ఆహారం తయారు చేసుకోవడం మొదలుపెడతాయి. దానికి కార్బన్ డయాక్సైడ్ కావాలి. ముందు నీటిలో కరిగి ఉన్నదాన్ని వాడేస్తాయి. అది అయిపోతుంటే బైకార్బొనేట్ నుంచి లాక్కుంటాయి. రెండు బైకార్బొనేట్ అయాన్ల నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు పోతే ఒక కార్బొనేట్ అయాను మిగులుతుంది.

2HCO₃⁻ → CO₃²⁻ + CO₂ + H₂O

మన చెరువులో బైకార్బొనేట్ 160 నుంచి 128కి, అంటే 32 తగ్గింది. కార్బొనేట్ సున్నా నుంచి 32కి పెరిగింది. ఎంత తగ్గిందో అంతే పెరిగింది. అందుకే మొత్తం మారలేదు. కార్బన్ డయాక్సైడ్ నీటిలోకి వచ్చినా, నీటిలోంచి పోయినా మొత్తం ఆల్కలినిటీ మారదు. దాని లోపలి పంపకం మాత్రమే మారుతుంది. ఈ 32 అంకె వెనక, ప్లవకాలు బైకార్బొనేట్ నుంచి లీటరుకు సుమారు 14 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడును లాగేశాయన్న లెక్క ఉంది. చెరువులో ప్లవకాల జోరు ఎంత ఉందో పి రీడింగు అలా బయటపెడుతుంది.

రాత్రి కథ తిరగబడుతుంది. వెలుతురు లేదు కాబట్టి కార్బన్ డయాక్సైడును వాడుకునేవారు లేరు. చేపలు, ప్లవకాలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ శ్వాసిస్తూ దాన్ని వదులుతూ ఉంటాయి. అది కార్బొనేట్లతో కలిసి మళ్లీ బైకార్బొనేట్లవుతుంది. తెల్లారేసరికి పి సున్నాకు చేరుతుంది. ఇలా సాయంత్రం పెరిగి, ఉదయం సున్నాకు రావడం ఆరోగ్యంగా ఊపిరి పీల్చే చెరువు లక్షణం.

ఈ చక్రం తప్పినప్పుడు రెండు రీడింగులూ హెచ్చరిస్తాయి. తెల్లవారుజామున కూడా గులాబీ రంగు వస్తుంటే, రాత్రి శ్వాస పగటి వాడకాన్ని తీర్చలేకపోతోందనో, ఎవరో సున్నం వేశారనో అనుకోవాలి. సాయంత్రానికి పి పెరుగుతూ, దాంతో పాటు టి తగ్గుతూ ఉంటే అది మరో సంగతి. కార్బొనేట్ ఎక్కువై నీటిలోని కాల్షియంతో కలిసి కాల్షియం కార్బొనేటుగా అడుక్కు దిగుతోందన్నమాట. ఇక రోజురోజుకూ టి మాత్రమే తగ్గుతుంటే ఆల్కలినిటీ నిల్వే ఖర్చవుతోంది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా దాన్ని తింటుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజనుకు సుమారు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. రొయ్యలు పొర విడిచి కొత్త గుల్ల కట్టుకోవడానికి వాడుకుంటాయి. పెద్ద వాన పడితే ఉన్న నిల్వ పలచబడుతుంది.

సీసా నుంచి ఫ్లాస్కు దాకా జరిగే తప్పులు

ఈ రెండు రీడింగుల్లో టి గట్టిది, పి చాలా సున్నితమైనది. కారణం పైన చెప్పుకున్నదే: కార్బన్ డయాక్సైడ్ వచ్చినా పోయినా టి కదలదు, పి కదులుతుంది. కాబట్టి నమూనా తీసే తీరులో జరిగే తప్పులన్నీ పి మీదే పడతాయి.

బోరు నీటిని సగం సీసాకు పట్టి, మూత వదులుగా పెట్టి, బండి మీద కుదుపుతూ ల్యాబుకు తీసుకెళితే దారిలోనే అందులోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది. బోరు దగ్గర పి సున్నా ఉన్న నీటికి ల్యాబులో గులాబీ రంగు రావచ్చు. చెరువు నీటికి తిరగబడిన తప్పు జరుగుతుంది. సాయంత్రం పట్టిన ఆకుపచ్చని నీటిని చీకట్లో రాత్రంతా ఉంచితే సీసాలోని ప్లవకాలు శ్వాసించి కార్బొనేటును బైకార్బొనేటుగా మార్చేస్తాయి. మర్నాడు పరీక్ష చేస్తే సాయంత్రపు 32 కనిపించదు. ఎండలో పెడితే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. సీసాను నీటిలో ముంచి గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, అక్కడే మూత బిగించి, నీడలో చల్లగా ఉంచి వీలైనంత త్వరగా పరీక్ష చెయ్యడమే మార్గం. ఫినాఫ్తలీన్ పరీక్ష ఒక్కటి చెరువు గట్టు మీదే చెయ్యగలిగితే ఇంకా మేలు. నీటిని వడపోయడం, డిస్టిల్డ్ నీటితో పలచబరచడం చెయ్యకూడదు.

ఫ్లాస్కు దగ్గరా జాగ్రత్త కావాలి. ఆమ్లాన్ని గబగబా పోస్తే పడిన చోట కొంత బైకార్బొనేట్ ఒక్కసారిగా నేలకు దిగి కార్బన్ డయాక్సైడుగా పైకి పోతుంది. అలా పోయినదానికి బదులు మరికొంత ఆమ్లం పడుతుంది. పి రీడింగు ఉండవలసిన దానికంటే పెరుగుతుంది. మొదటి ఎండ్ పాయింటు దాకా మెల్లగా పోసి, కుదపకుండా తిప్పమనేది ఇందుకే.

ఇక్కడ ఒక లెక్క మరచిపోకూడదు. గులాబీ పోయే చోటును 0.2 మిల్లీలీటర్లు దాటించారనుకుందాం. 0.8కి బదులు 1.0 రాశారు. టి అలాగే ఉంది. కార్బొనేట్ 32 కావలసింది 40 అవుతుంది, బైకార్బొనేట్ 128 కావలసింది 120 అవుతుంది. పి రీడింగులో జరిగిన తప్పు లెక్కలో రెట్టింపై, ఒకదాన్ని పెంచి రెండోదాన్ని తగ్గిస్తుంది. బ్యూరెట్ నుంచి రాలే ఒక్క చుక్కే సుమారు 0.05 మిల్లీలీటర్లు ఉంటుంది. అది కార్బొనేటులో 2 అంకెలకు సమానం. అందుకే ఒక రోజు 32, మర్నాడు 34 వచ్చిందని చెరువు మారిపోయిందనుకోనక్కర్లేదు.

రెండో ఎండ్ పాయింటు దగ్గర వచ్చే ఇబ్బంది కంటిది. మిథైల్ ఆరెంజ్ పసుపు నుంచి నారింజకు తిరిగే చోటు ఒకరికి ఒకలా, మరొకరికి మరొకలా కనబడుతుంది. ఎర్రబడేదాకా పోసేవాళ్లు టి అంకెను పెంచేస్తారు. బ్రోమోక్రెసాల్ గ్రీన్, మిథైల్ రెడ్ కలిపిన సూచికలో మార్పు దీనికంటే స్పష్టంగా కనిపిస్తుంది. నీరే ఆకుపచ్చగానో బురదగానో ఉంటే రంగును నమ్మకుండా పీహెచ్ మీటరు పెట్టి 8.3 దగ్గర ఒకసారి, 4.5 దగ్గర ఒకసారి ఆపడం మంచిది. క్లోరిన్ కలిపిన కుళాయి నీరైతే క్లోరిన్ సూచిక రంగును విరిచేస్తుంది. ముందుగా ఒక చుక్క సోడియం థయోసల్ఫేట్ వేసి దాన్ని తొలగించాలి.

లెక్కకూ ఒక హద్దు ఉంది

ఆమ్లాన్ని తీసుకునేవి హైడ్రాక్సైడ్, కార్బొనేట్, బైకార్బొనేట్ మాత్రమే అన్న నమ్మకం మీద ఈ లెక్కంతా నడుస్తుంది. మామూలు బోరు నీటికీ కాలువ నీటికీ అది చాలావరకు సరిపోతుంది. సముద్రపు నీరు కలిసిన రొయ్యల చెరువులో బోరేట్ కూడా కొంత ఆమ్లాన్ని తీసుకుంటుంది. అమ్మోనియా, ఫాస్ఫేట్ బాగా ఎక్కువున్న మురుగు నీటిలో అవీ తీసుకుంటాయి. ఇవన్నీ కార్బొనేట్, బైకార్బొనేట్ ఖాతాల్లోనే పడతాయి. ఉప్పు చెరువులో ఈ విభజనను ఆ మేరకు దగ్గరి అంచనాగానే చూడాలి.

అలాగే పి సున్నా అంటే నీటిలో ఒక్క కార్బొనేట్ అయాను కూడా లేదని కాదు. 8.3కి కింద కూడా అది కొద్దిగా ఉంటుంది. అయితే అక్కడ కార్బన్ డయాక్సైడ్ దానికంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి ఈ పరీక్షకు అందదు.

రిపోర్టు చదివేటప్పుడు

ఒకే నీటికి రెండు ల్యాబులు వేర్వేరు అంకెలు ఇచ్చాయంటే చాలాసార్లు కారణం యూనిట్లే. పైన మనం చెప్పుకున్న 32, 128, 160 అన్నీ 'కాల్షియం కార్బొనేటుగా' లెక్కగట్టినవి. అందరినీ ఒకే కొలతలోకి తెస్తే కూడిక సాధ్యమవుతుంది కాబట్టి అలా రాస్తారు. కొన్ని ల్యాబులు అయాన్ల బరువుగా రాస్తాయి. అప్పుడు కార్బొనేటును 0.6తో, బైకార్బొనేటును 1.22తో గుణించాలి. మన సాయంత్రపు నీరు అలా రాస్తే కార్బొనేట్ సుమారు 19, బైకార్బొనేట్ సుమారు 156 అవుతుంది. నీరు మారలేదు, రాసే పద్ధతి మారింది. అయాన్ల బరువులను కూడితే 175 వస్తుంది, అది మొత్తం ఆల్కలినిటీ కాదు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500లో ఆల్కలినిటీకి చెప్పిన 200, మరో నీటి వనరు లేకపోతే అనుమతించే 600 అన్న హద్దులు కూడా కాల్షియం కార్బొనేటుగా లెక్కగట్టినవే.

చెరువులో ఏం వెయ్యాలన్నది పి చెబుతుంది

మొత్తం ఆల్కలినిటీ తగ్గిందనగానే సున్నం బస్తాలు దించడం మన దగ్గర అలవాటు. ఏ సున్నం, ఏ వేళ అన్నది పి రీడింగు చూడకుండా తేల్చకూడదు. సాయంత్రం పి ఎక్కువగా ఉన్న చెరువులో కాల్చిన సున్నం వేస్తే అది నీటిలో హైడ్రాక్సైడై, మిగిలిన బైకార్బొనేటును కూడా రెండో మెట్టు ఎక్కిస్తుంది. పీహెచ్ ఇంకా పెరుగుతుంది. ఆ కార్బొనేట్ సున్నంతో వచ్చిన కాల్షియంతో కలిసి అడుక్కు దిగితే, పెంచాలనుకున్న ఆల్కలినిటీ తగ్గనూవచ్చు. పీహెచ్ 9 దాటితే అమ్మోనియా ప్రమాదం కూడా తోడవుతుంది. 30 డిగ్రీల వెచ్చని మంచినీటిలో పీహెచ్ 8 దగ్గర ఉన్న అమ్మోనియాలో పదో వంతు కంటే తక్కువే విషరూపంలో ఉంటుంది, 9.1 దగ్గరకు వచ్చేసరికి అది సగానికి చేరుతుంది.

పొడిచేసిన సున్నపురాయిదీ ఒక పరిమితి ఉంది. పీహెచ్ 8.3 దాటిన నీటిలో అది దాదాపు కరగదు. గులాబీ రంగు చూపించే నీటిలో వేసిన సున్నపురాయి పొడి అడుగున పడి ఉంటుంది. టి తక్కువగా ఉండి, తెల్లవారుజామున పి సున్నాగా ఉన్న చెరువులోనే దానికి పని ఉంటుంది, అదీ మెల్లగా.

వెంటనే టి పెంచాలి, పి పెద్దగా పెరగకూడదు అన్నప్పుడు సోడియం బైకార్బొనేట్, అంటే వంట సోడా, పనికొస్తుంది. అది మొదటి మెట్టు మీదికే నేరుగా వచ్చి చేరుతుంది. మోతాదు ఇలా వస్తుంది. ఒక ఎకరం చెరువులో మీటరు లోతు నీరుంటే సుమారు 40 లక్షల లీటర్లు. టి అంకెను 10 పెంచాలంటే కాల్షియం కార్బొనేటు లెక్కన 40 కిలోలు కావాలి. వంట సోడాగా అయితే దాన్ని 1.68తో గుణించాలి, అంటే సుమారు 67 కిలోలు. ఎంత పెంచాలో టి చెబుతుంది. ఏ వేళ, ఏ పదార్థంతో పెంచాలో పి చెబుతుంది.

కాబట్టి ఆక్వా రైతులకూ, బోరు నీరు పరీక్ష చేయించుకునే ప్రతి ఒక్కరికీ ఒక మనవి. ల్యాబు రిపోర్టులో మొత్తం ఆల్కలినిటీ ఒక్కటే తీసుకుని వెనక్కి రాకండి. నీరు పట్టిన వేళ సీసా మీద రాయండి. పి రీడింగు, టి రీడింగు రెండూ విడిగా రాయమని, అంకెలు ఏ కొలతలో ఉన్నాయో తెలపమని అడగండి. చెరువైతే తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి పట్టించండి. సున్నం బస్తా విప్పే ముందు చూడవలసింది ఈ రెండు రీడింగులనే.